నీలం ఊదాగా మారిన బ్యానర్లు: షాపుకు ఉత్తరం ఎలా రాయాలి?

ప్రశ్న: మా సంస్థ వార్షికోత్సవానికి ఒకే డిజైన్‌తో రెండు ఫ్లెక్స్ బ్యానర్లు వేయించాం. ఒక్కోటి 8×4 అడుగులు. డిజైన్ మా సభ్యుల్లో ఒకబ్బాయి కంప్యూటర్‌లో చేశాడు. షాపుకు మెయిల్‌లో పంపితే, వాళ్ళు ఫోన్‌కు బొమ్మ పెట్టి ఓకేనా అని అడిగారు, ఓకే అన్నాం. తీరా బ్యానర్లు వచ్చాక చూస్తే స్క్రీన్ మీద నిగనిగలాడిన లోగో నీలం కాస్తా వంగపండు రంగులోకి దిగిపోయింది. రెండో బ్యానర్ ఇంకా ఘోరం. వెనకున్న బూడిద రంగు ఆకుపచ్చగా కొడుతోంది, ఫొటోల్లో ముఖాలు కామెర్లు వచ్చినట్టున్నాయి, సన్నటి గీతలు కూడా పడ్డాయి. విచిత్రమేమిటంటే నీలం మాత్రం రెండోదాంట్లోనే కాస్త నయం. షాపులో అడిగితే “స్క్రీన్ మీద కనిపించినట్టు ప్రింట్‌లో రాదండీ, ఎక్కడైనా ఇంతే” అన్నారు. నేనొక ఉత్తరం రాసిపెట్టుకున్నాను: “స్క్రీన్‌లో చూపించింది ఒకటి, ఇచ్చింది ఒకటి. మమ్మల్ని మోసం చేశారు. డబ్బంతా వాపసు ఇవ్వాలి.” కార్యక్రమానికి ఇంకా పది రోజులుంది. ఇదే పంపమంటారా? – ఒక పాఠకురాలు

జవాబు: వద్దండీ, ఈ ఉత్తరం పంపకండి. మీ కోపం తప్పని కాదు. మీ దగ్గర బలమైన ఫిర్యాదు ఒకటి, బలహీనమైన ఫిర్యాదు ఒకటి ఉన్నాయి. ఉత్తరంలో మీరు బలహీనమైనదాన్ని ముందు పెట్టి, బలమైనదాన్ని అసలు రాయనేలేదు. “స్క్రీన్‌లో ఒకటి, ప్రింట్‌లో ఒకటి” అని రాసిన మరుక్షణం షాపువాళ్ళు “అదే కదా మేమూ చెప్పింది” అంటారు. ఆ ఒక్క మాటతో రెండో బ్యానర్ సంగతి కూడా అందులో కలిసిపోతుంది.

మీరు చెప్పిన లక్షణాలను బట్టి ఇక్కడ జరిగినవి రెండు వేర్వేరు విషయాలు. నీలం ఊదాగా మారడం రెండు బ్యానర్లలోనూ ఉంది, అది ఫైలు నుంచి వచ్చింది. బూడిద పచ్చబడటం, ముఖాలు పాలిపోవడం, గీతలు పడటం రెండోదాంట్లోనే ఉన్నాయి, అవి మెషిన్ నుంచి వచ్చాయి. ఈ రెండూ విడదీస్తే ఉత్తరం దానంతటదే కుదురుతుంది. కాబట్టి ముందు విడదీద్దాం.

నీలం సంగతి మొదట. స్క్రీన్ వెలుగుతో రంగు చూపిస్తుంది. అందులో ఎరుపు, ఆకుపచ్చ, నీలం చుక్కలుంటాయి. నీలం కావాలంటే నీలం చుక్కను పూర్తిగా వెలిగిస్తే చాలు. మామూలు ఫ్లెక్స్ మెషిన్‌లో నీలం ఇంకు అంటూ వేరే ఉండదు. ఉండేవి నాలుగు: సయాన్, మెజెంటా, పసుపు, నలుపు. సయాన్ అంటే ఆకాశనీలానికి దగ్గర, మెజెంటా అంటే చిక్కటి గులాబీ. ఈ రెండూ ఒకదాని మీద ఒకటి పడితేనే ముదురు నీలం పుడుతుంది. అందులో మెజెంటా కాస్త ఎక్కువైందా, నీలం కాస్తా ఊదా అయిపోతుంది.

మీ అబ్బాయి డిజైన్‌లో వాడిన నీలం ఎంతో తెలియదు కానీ, ఇలాంటి సందర్భాల్లో ఎక్కువగా కనిపించేది స్క్రీన్ నీలాల్లోకెల్లా గాఢమైనది, అంటే ఎరుపు 0, ఆకుపచ్చ 0, నీలం 255. దీన్ని ఫొటోషాప్‌లో మొదటి నుంచీ ఉండే సెట్టింగ్‌తో ఇంకు రంగుల్లోకి మారిస్తే సుమారు సయాన్ 88 శాతం, మెజెంటా 77 శాతం వస్తుంది. ఆ రెండు అంకెలూ ఎంత దగ్గరగా ఉన్నాయో చూడండి. రెండు ఇంకులూ దాదాపు సమానంగా పడితే వచ్చేది మీరు చెప్పిన వంగపండు రంగే. ఇందులో షాపువాళ్ళు చేసిందేమీ లేదు. ఫైలు ఆర్‌జీబీలో, అంటే స్క్రీన్ రంగుల్లో వెళ్ళింది, మెషిన్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ దాన్ని తన పద్ధతిలో ఇంకుల్లోకి మార్చుకుంది. అసలు ఆ మెరిసే నీలం ఇంకులకు అందేది కూడా కాదు, దగ్గరలో దొరికిన రంగుతో సరిపెట్టుకోవాల్సిందే. మెరిసే ఆకుపచ్చ, నారింజ రంగులదీ ఇదే కథ. అవి ఊదాగా మారవు, చప్పబడిపోతాయి.

ఇది మీరే ఇంట్లో చూసుకోవచ్చు. ఫొటోషాప్‌లో ఆ ఫైలు తెరిచి, View మెనూలో Proof Colors నొక్కితే (Ctrl+Y) ప్రింట్‌లో రంగులు ఎటు వెళ్తాయో స్క్రీన్ మీదే ఉజ్జాయింపుగా కనిపిస్తుంది. మీ నీలం అక్కడే ఊదా వైపు జరిగితే, ఆ మార్పు మెషిన్ దాకా వెళ్ళకముందే రాసిపెట్టి ఉందన్నమాట. ఒక్క షరతు ఏమిటంటే, ఆ సెట్టింగ్ మామూలుగా కాగితం మీద వేసే ఆఫ్‌సెట్ ప్రింటింగ్‌ను ఊహించి చూపిస్తుంది. ఫ్లెక్స్ మీద ఇంకా కొంత తేడా ఉండొచ్చు. షాపువాళ్ళు తమ మెషిన్‌కూ ఫ్లెక్స్‌కూ తగినట్టు రంగులు ఎలా వస్తాయో చెప్పే ప్రొఫైల్ ఫైలు ఇస్తే దాన్ని పెట్టి చూడటం మేలు.

మరి వాళ్ళు ఫోన్‌కు పంపిన బొమ్మ? మీరు ఓకే అన్నారు కదా అని వాళ్ళు, అందులో నీలం బాగానే ఉంది కదా అని మీరు, ఇద్దరూ దాన్నే పట్టుకుంటారు. ఎవరికీ పనికిరాదు. ఫోన్ బొమ్మలో చూసుకోగలిగింది అక్షర దోషాలు, ఫొటోలు సరైన చోట ఉన్నాయా, కొలతలు సరిపోయాయా అన్నవే. రంగు చూడాలంటే అదే మెషిన్‌లో అదే ఫ్లెక్స్ మీద వేసిన ముక్క చేతిలో ఉండాలి. అలాంటి నమూనా మీరు అడగలేదు, వాళ్ళు ఇస్తామనలేదు. ఈ ఫైలుతో నీలం తేడా వస్తుందని వాళ్ళు ముందే ఒక మాట చెప్పాల్సింది, రోజూ చూసేవాళ్ళే కాబట్టి. అంతవరకూ అడగొచ్చు. డిజైన్ షాపువాళ్ళే చేసి ఉంటే నేను ఇంకా గట్టిగా అడగమనేవాణ్ణి. మీరే చేసి పంపారు కాబట్టి నీలం విషయంలో మీ వాటా ఎక్కువే.

ఇప్పుడు రెండో బ్యానర్. ఇక్కడ స్క్రీన్ ప్రసక్తే లేదు. ఒకే ఫైలు, ఒకే షాపు, ఒకే ఆర్డరు. అయినా రెండు బ్యానర్లు ఒకదానితో ఒకటి కలవడం లేదు. “ఎక్కడైనా ఇంతే” అన్న జవాబు దీనికి వర్తించదు. నిజానికి ఆ మాట వినగానే చాలామంది కస్టమర్లు వెనక్కి తగ్గిపోతారు, షాపులకూ ఆ సంగతి బాగా తెలుసు.

మీరు విచిత్రం అని రాసిన సంగతే నాకు అన్నిటికంటే పెద్ద ఆధారంగా కనిపించింది. రెండోదాంట్లో నీలం నయంగా ఉందన్నారు. నీలంలో మెజెంటా తగ్గితే అది ఊదా నుంచి జరిగి ఆకాశనీలం వైపు వస్తుంది. బూడిద రంగు సయాన్, మెజెంటా, పసుపు తూకంగా పడితే నిలబడుతుంది, అందులో మెజెంటా తగ్గితే మిగిలిన రెండూ కలిసి ఆకుపచ్చగా కొడతాయి. ముఖాల రంగులో ప్రధానంగా ఉండేవి మెజెంటా, పసుపు. మెజెంటా తగ్గితే పసుపు పైకి తేలుతుంది, అందుకే మీకు కామెర్లు గుర్తొచ్చాయి. మూడు లక్షణాలూ ఒకే వైపు వేలు చూపిస్తున్నాయి: రెండో బ్యానర్ వేసేటప్పుడు మెజెంటా ఇంకు సరిగా పడలేదు.

గీతలు కూడా దీనికే సరిపోతాయి. ప్రింట్ హెడ్‌లో ఒక్కో ఇంకుకు సన్నటి రంధ్రాల వరస ఉంటుంది, వాటినే నాజిల్స్ అంటారు. వాటిలో కొన్ని ఎండిన ఇంకుతోనో గాలి బుడగతోనో మూసుకుపోతే, అవి వెళ్ళే దారిలో ఆ రంగు పడదు. హెడ్ అటూ ఇటూ కదిలే దిశలో సన్నటి గీతలు మిగిలిపోతాయి. మొదటి బ్యానర్ బాగా వచ్చి రెండోది చెడటంలో వింతేమీ లేదు. పని మధ్యలో నాజిల్స్ ఆగిపోవడం ఈ మెషిన్లలో మామూలే. అందుకే పని తెలిసిన ఆపరేటర్ మధ్యమధ్యలో నాజిల్ చెక్ అనే చిన్న నమూనా వేసి చూసుకుంటాడు. నాలుగు ఇంకులూ చిన్న చిన్న గీతల మెట్లుగా పడతాయి, ఏ మెట్టు విరిగితే ఆ నాజిల్ పనిచేయట్లేదని అర్థం. హెడ్ క్లీన్ చేసి మళ్ళీ చూస్తారు. నిమిషాల్లో అయిపోయే పని.

ఉత్తరం రాసేముందు మీరొక పరీక్ష చేయండి. రెండు బ్యానర్లూ పగటిపూట నీడపట్టున పక్కపక్కన పరవండి. ట్యూబ్‌లైటు కింద వద్దు, ఆ వెలుగులో రంగులు మరోలా కనిపిస్తాయి. ఎండలో ఫ్లెక్స్ మెరుస్తుంది, అదీ వద్దు. మెజెంటా అవసరం లేని భాగం ఏదైనా డిజైన్‌లో ఉందేమో వెతకండి. స్వచ్ఛమైన పసుపు పట్టీ గానీ, ఆకాశనీలం గానీ, ఆకు రంగు గానీ. ఆ భాగం రెండు బ్యానర్లలోనూ ఒకేలా ఉండి, గీతలు కూడా అక్కడ కనిపించకపోతే, మెజెంటా గురించి నేను చెప్పింది దాదాపు ఖాయం. అలా కాకుండా అన్ని రంగుల్లోనూ సమాన దూరాల్లో గీతలుంటే, ఫ్లెక్స్ ముందుకు జరిగే కొలతలో తేడా ఉందన్నమాట. గీతలేమీ లేకుండా రంగులు మాత్రమే మారి ఉంటే రెండో బ్యానర్ వేరే మెషిన్ మీదో, వేరే రోల్ మీదో, వేరే సెట్టింగ్‌తోనో వేసి ఉంటారు. ఫ్లెక్స్ తెలుపే రోల్‌ను బట్టి కొంచెం మారుతుంది, ఖాళీగా ఉన్న అంచుల్ని పక్కపక్కన పెడితే తెలిసిపోతుంది. కారణం ఏదైనా మీ వాదన మారదు. కాకపోతే సరైన కారణం రాస్తే అవతలివాళ్ళు ఉత్తరాన్ని వేరేగా చదువుతారు.

గీతల విషయంలో ఒక జాగ్రత్త. బ్యానర్ దూరం నుంచి చూసే వస్తువు. ముక్కు ఆనించి చూస్తే ఏ బ్యానర్‌లోనైనా చుక్కలూ గీతలూ కనిపిస్తాయి. నాలుగైదు అడుగులు వెనక్కి వచ్చి, తర్వాత పదడుగులు వెనక్కి వచ్చి చూడండి. అక్కడి నుంచీ కనిపిస్తే రాయండి. కనిపించకపోతే ఆ ముక్క వదిలేసి బూడిద రంగు, ముఖాల మీదే నిలబడండి.

ఫొటో తీసేటప్పుడు రెండు బ్యానర్లూ ఒకే ఫ్రేములో రావాలి, మధ్యలో ఒక తెల్ల కాగితం ఉండాలి. ఫోన్ కెమెరా ప్రతి ఫొటోకూ తెలుపును తనకు తోచినట్టు సర్దుకుంటుంది. విడివిడిగా తీస్తే తేడా మాయం కావచ్చు, లేని తేడా పుట్టుకురావచ్చు. ఒకే ఫొటోలో ఉంటే ఆ గొడవ ఉండదు. ఫ్లాష్ వద్దు, ఫిల్టర్లు వద్దు. పచ్చబడిన బూడిద భాగాన్నీ, ఒక ముఖాన్నీ దగ్గర నుంచి ఒక్కోటి తీయండి. స్క్రీన్ ఫొటో మాత్రం జత చేయకండి. అది పెడితే మాట మళ్ళీ స్క్రీన్ దగ్గరికే పోతుంది.

ఇంకో సంగతి తేల్చుకున్నాకే కలం పట్టండి. రెండో బ్యానర్‌ను మళ్ళీ వేయించుకుంటారు సరే, ఏ ఫైలుతో? పాత ఫైలుతో వేస్తే మొదటిదానితో కలుస్తుంది, కానీ రెండూ ఊదాగానే ఉంటాయి. నీలం సరిచేసిన ఫైలుతో వేస్తే కొత్తది బాగుంటుంది, మొదటిది దాని పక్కన వెలవెలబోతుంది. రెండూ ఒకే వేదిక మీద కట్టేవైతే నా ఓటు రెండింటినీ కొత్త ఫైలుతో వేయించుకోవడానికే. రెండోదాని ఖర్చు షాపుది. మొదటిదాని ఖర్చు మీది, అందులో లాభం వేసుకోకుండా మెటీరియల్ వరకే తీసుకోమని అడగొచ్చు. నీలం గురించి ముందుగా చెప్పని లోటు వాళ్ళకూ ఉంది కాబట్టి అది అడగదగ్గ మాటే. వేర్వేరు చోట్ల కట్టేవైతే మొదటిదాన్ని అలాగే వాడేసుకోండి.

ఉత్తరం ఇలా ఉంటే చాలు. ఖాళీల్లో మీ వివరాలు పెట్టుకోండి.

> ప్రింటింగ్ షాపు యజమాని గారికి,
>
> నమస్కారం. ........ తేదీన బిల్లు నంబరు ........ కింద మీ దగ్గర 8×4 అడుగుల ఫ్లెక్స్ బ్యానర్లు రెండు ఒకే ఫైలుతో వేయించుకున్నాం. ఫైలు పేరు ........, మెయిల్‌లో పంపిన తేదీ ......... బ్యానర్లు మాకు ........ తేదీన అందాయి.
>
> ఈ రెండు బ్యానర్ల రంగులు ఒకదానితో ఒకటి కలవడం లేదు. మొదటిదాంట్లో వెనకున్న బూడిద రంగు బూడిదగానే ఉంది. రెండోదాంట్లో అదే భాగం ఆకుపచ్చగా కనిపిస్తోంది. ఫొటోల్లోని ముఖాలు పసుపుగా పాలిపోయాయి. పదడుగుల దూరం నుంచి కూడా సన్నటి గీతలు తెలుస్తున్నాయి. పసుపు, ఆకాశనీలం భాగాలు మాత్రం రెండింటిలోనూ ఒకేలా ఉన్నాయి. దీన్నిబట్టి రెండో బ్యానర్ వేసేటప్పుడు మెజెంటా ఇంకు సరిగా పడలేదని అనుకుంటున్నాం. రెండు బ్యానర్లనూ పక్కపక్కన పెట్టి పగటి వెలుగులో తీసిన ఫొటోలు జత చేస్తున్నాం. ఇది స్క్రీన్‌కూ ప్రింట్‌కూ ఉండే తేడా కాదు, ఒకే ఫైలుతో వేసిన రెండు ప్రింట్ల మధ్య తేడా.
>
> రెండో బ్యానర్‌ను మేము ఎక్కడా కట్టలేదు. మీరు చూడాలంటే తీసుకొస్తాం. దాన్ని మీ ఖర్చుతో మళ్ళీ వేసి ఇవ్వవలసిందిగా కోరుతున్నాం.
>
> రెండు బ్యానర్లలోనూ లోగో నీలం ఊదా వైపు వచ్చింది. ఫైలు ఆర్‌జీబీలో పంపింది మేమే కాబట్టి ఆ రంగు సరిచేసి కొత్త ఫైలు పంపుతాం. అయితే ఈ ఫైలుతో అలా వస్తుందని ముందుగా చెప్పి ఉంటే అప్పుడే మార్చేవాళ్ళం. రెండు బ్యానర్లూ ఒకేలా ఉండాలి కాబట్టి మొదటిదాన్ని కూడా కొత్త ఫైలుతో వేయాలని ఉంది. దానికి మెటీరియల్ ఖర్చు మాత్రమే తీసుకోగలరేమో తెలియజేయండి.
>
> మళ్ళీ వేసేముందు అదే మెషిన్‌లో, అదే ఫ్లెక్స్ మీద లోగో భాగం, బూడిద భాగం, ఒక ముఖం వచ్చేలా చిన్న నమూనా వేసి చూపించండి. దాని మీద మేము సంతకం చేశాక మొత్తం వేయండి.
>
> మా కార్యక్రమం ........ తేదీన ఉంది. బ్యానర్లు ........ తేదీ సాయంత్రంలోగా చేతికి రావాలి. అందుకని ........ తేదీలోగా మీ జవాబు కోరుతున్నాం.
>
> ఇట్లు,
> ........

పరీక్షలో పసుపు, ఆకాశనీలం భాగాలు ఒకేలా లేకపోతే ఆ వాక్యం, దాని తర్వాతి వాక్యం తీసేయండి. తెలియని కారణం రాయడం కన్నా కనిపించింది రాసి ఊరుకోవడం మంచిది. “మోసం” అన్న మాట ఎక్కడా లేదని గమనించే ఉంటారు. నాజిల్ మూసుకుపోవడం మోసం కాదు, చూసుకోకుండా చేతికివ్వడం అజాగ్రత్త. ఆ మాట వాడితే వాళ్ళు బ్యానర్ వదిలేసి తమ పరువు గురించి మాట్లాడటం మొదలుపెడతారు. డబ్బంతా వాపసు అన్నది కూడా అందుకే తీసేశాను. మొదటి బ్యానర్ వాడుకోదగ్గదే, దానికీ కలిపి అడిగితే మొత్తం కోరికే అతిగా కనిపిస్తుంది. పైగా పది రోజుల్లో మీకు కావాల్సింది బ్యానర్లు.

ఉత్తరాన్ని మెయిల్‌లో పంపండి, తర్వాత ఫోన్ చేసి అందిందా అని అడగండి. ఫొటోలను వాట్సాప్‌లో మామూలుగా పంపితే అవి కుదించుకుపోతాయి, సన్నటి గీతలు అందులో చెరిగిపోవచ్చు. డాక్యుమెంట్‌గా పంపితే ఆ ఇబ్బంది ఉండదు. మీరు మొదట పంపిన ఫైలును కదపకుండా అలాగే ఉంచండి, మార్పులన్నీ కాపీలో చేయండి.

షాపువాళ్ళు నాజిల్ చెక్ వేసి “చూడండి, మా మెషిన్ బ్రహ్మాండంగా ఉంది” అనే అవకాశం ఉంది. తొణక్కండి. మీ బ్యానర్ వేశాక హెడ్ ఎన్నిసార్లు క్లీన్ చేశారో ఎవరికి తెలుసు! ఈరోజు నాజిల్స్ బాగుండటం ఆరోజు బాగున్నాయనడానికి ఆధారం కాదు. ఆరోజు సంగతి చెప్పగలిగింది ఆ బ్యానరే. రెండింటినీ షాపు బయట పగటి వెలుగులో పరిచి, “ఈ రెండూ ఒకే రంగులో ఉన్నాయంటారా?” అని ఒక్క ప్రశ్న అడగండి. ఎదురుగా చూసి అవునని చెప్పడం ఏ ఆపరేటర్‌కైనా కష్టమే. అప్పటికీ మళ్ళీ వేసివ్వం అని వాళ్ళంటే రెండోదాని సొమ్ములో కొంత తగ్గింపు అడిగి, పని ఇంకో షాపులో చేయించుకునే వ్యవధి మీకు మిగిలేలా చూసుకోండి. అందుకే జవాబుకు గడువు రెండు రోజులకు మించి ఇవ్వొద్దు. గతిలేక రెండో బ్యానర్‌నే కట్టాల్సి వస్తే, కట్టేముందే “వేరే దారి లేక వాడుతున్నాం, ఫిర్యాదు అలాగే ఉంది” అని ఒక వాక్యం రాసి పంపండి. వాడిన బ్యానర్‌కు మళ్ళీ ప్రింట్ అడగడం కష్టం, తగ్గింపు మాత్రం అడగొచ్చు.

ఇక నీలం సరిచేయడం గురించి మీ అబ్బాయికి చెప్పాల్సిన మాట. ఫైలును సీఎంవైకేలోకి, అంటే ఆ నాలుగు ఇంకు రంగుల్లోకి మార్చి, నీలంలో సయాన్, మెజెంటాల మధ్య కనీసం 30 శాతం తేడా ఉండేలా చూసుకోమనండి. సయాన్ 100 ఉంటే మెజెంటా 70 దాటకూడదు. మొదట 60 దగ్గర మొదలుపెట్టమనండి. అది అన్ని మెషిన్లలోనూ ఒకేలా రాదు. అందుకని నమూనా ముక్కలోనే మెజెంటా 50, 60, 70తో మూడు నీలం గళ్ళు పక్కపక్కన వేయించి, వాటిలో మీకు నచ్చినదాని అంకె తీసుకోండి. స్క్రీన్ మీది మెరుపు ఆ మూడింటిలోనూ ఉండదు, దాన్ని ఆశించకండి. ఊదా కాని, చూడగానే నీలం అనిపించే రంగు దొరుకుతుంది, లోగోకు అది చాలు.

ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు: “రెండో బ్యానర్‌లో నీలం బాగుంది, అలా వేయండి” అని దాన్ని నమూనాగా చూపిస్తారు. ఆపరేటర్ సరే అని మెషిన్‌లోనే మెజెంటా తగ్గిస్తాడు. దాంతో బూడిద, ముఖాలు మళ్ళీ పాడవుతాయి, ఈసారి మీరు అడిగిందే చేశామంటారు. నీలం మార్పు ఫైలులో, ఆ ఒక్క రంగుకే జరగాలి. మెషిన్‌లో ఏ సర్దుబాటూ వద్దని చెప్పండి.

నమూనాను షాపులో లైటు కింద కాకుండా బయటికి తెచ్చి, ఇంకు ఆరాక చూడండి. సంతకం పెట్టి, అంచుమీద తేదీ, ఫైలు పేరు రాసి, సగం కత్తిరించి మీ దగ్గర ఉంచుకోండి. కొత్త ఫైలుకు కొత్త పేరు పెట్టించడం మాత్రం మర్చిపోకండి. పాత ఫైలు ఇంకా వాళ్ళ కంప్యూటర్‌లోనే ఉంటుంది, రెండింటికీ ఒకే పేరుంటే ఏది తెరుస్తారో చెప్పలేం.